రేటు పడుతూ ఓపెన్ ఇంటరెస్ట్ పెరిగితే: కాయిన్ ఫ్యూచర్స్‌లో తొందర ఎవరిదో పట్టుకునే పద్ధతి

నిఫ్టీ ఫ్యూచర్స్ చూసి అలవాటైనవాళ్లకు నాలుగు గళ్ల పట్టిక ఒకటి కంఠతా వచ్చి ఉంటుంది. రేటూ ఓపెన్ ఇంటరెస్టూ రెండూ పెరిగితే లాంగ్ బిల్డప్. రేటు పెరిగి ఓఐ తగ్గితే షార్ట్ కవరింగ్. రెండూ తగ్గితే లాంగ్ అన్‌వైండింగ్. రేటు పడి ఓఐ పెరిగితే షార్ట్ బిల్డప్. బెంగళూరులో మా ఆఫీసులో పనిచేసే కడప తమ్ముడొకడు ఈ పట్టికను ఉన్నదున్నట్టు క్రిప్టోకి తెచ్చుకున్నాడు. లంచ్ టైములో ఫోను ముందు పెట్టి, "అన్నా, రేటు పది శాతం పడింది, ఓఐ పెరిగింది. షార్ట్ బిల్డప్పే కదా, మనమూ షార్ట్ కొడదామా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు అవుననో కాదనో చెప్పేముందు చూడాల్సిన నాలుగైదు సంగతులను, చూడాల్సిన వరసలోనే రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. ఓపెన్ ఇంటరెస్ట్ అంటే ఇంకా మూసేయకుండా ఉన్న కాంట్రాక్టుల లెక్క. ప్రతి కాంట్రాక్టుకీ ఒక పక్క లాంగ్, ఇంకో పక్క షార్ట్ ఉంటారు. కాబట్టి ఓఐ 8 లక్షల కాయిన్లు పెరిగిందంటే 8 లక్షల షార్టులు కొత్తగా వచ్చాయి, సరిగ్గా 8 లక్షల లాంగులూ వచ్చాయి. "షార్టులు పెరిగాయి" అన్న మాట ఎప్పుడూ సగం నిజమే. మడివాళ మార్కెట్లో సాయంత్రం టమాటా గంప చేతులు మారితే అమ్మినవాడూ ఉంటాడు, కొన్నవాడూ ఉంటాడు. బేరంలో దిగొచ్చిందెవరు అన్నదే మనకు కావలసిన సంగతి. ఓఐ ఆ సంగతి చెప్పదు. దాన్ని వేరేచోట వెతకాలి.

మొదటి అడుగు: ఓఐని డాలర్లలో కాదు, కాయిన్లలో చూడండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. చాలా చార్టులు ఓఐని డాలర్ల విలువలో చూపిస్తాయి. ఆ విలువ అంటే కాయిన్ల సంఖ్యను రేటుతో గుణించగా వచ్చినది. రేటు పడితే, ఒక్కరూ పొజిషన్ మూయకపోయినా, ఆ విలువ తగ్గుతుంది.

ఒక ఊహాజనితమైన కాయిన్‌ని తీసుకుందాం. చివరిదాకా ఇదే ఉదాహరణతో నడుస్తాను. ఉదయం రేటు 20 డాలర్లు, ఓఐ 50 లక్షల కాయిన్లు. డాలర్లలో 10 కోట్లు. రాత్రికి రేటు 18కి పడింది. ఎవరూ కదలకుండా కూర్చున్నా డాలర్ల ఓఐ 9 కోట్లు అవుతుంది. చార్టు చూసినవాడు "పది శాతం పొజిషన్లు ఖాళీ అయ్యాయి" అనుకుంటాడు. అయిందేమీ లేదు.

ఇప్పుడు మన కేసులో నిజంగా జరిగింది ఇది: రాత్రికి ఓఐ 58 లక్షల కాయిన్లకు చేరింది. అంటే 16 శాతం పెరుగుదల. దీన్ని 18తో గుణిస్తే 10.44 కోట్ల డాలర్లు. డాలర్ల చార్టులో కనిపించే పెరుగుదల నాలుగున్నర శాతం కూడా లేదు. "ఆ, పెద్ద తేడా ఏముందిలే" అని దాటేసేంత చిన్నది. ఇందులో ఒక ఉపయోగం కూడా ఉంది. రేటు పడుతున్నా డాలర్ల ఓఐ పెరిగి కనిపించిందంటే, కాయిన్లలో పెరుగుదల అంతకంటే గట్టిగా ఉన్నట్టే.

డాలర్లు కాక కాయిన్‌నే మార్జిన్‌గా పెట్టే కాయిన్-మార్జిన్ కాంట్రాక్టుల్లో ఈ మోసం తలకిందులుగా ఉంటుంది. అక్కడ ఒక్కో కాంట్రాక్టు విలువ డాలర్లలో స్థిరంగా ఉంటుంది. బైనాన్స్‌లో బిట్‌కాయిన్‌కి 100 డాలర్లు, మిగతా చాలా కాయిన్లకు 10 డాలర్లు. 10 డాలర్ల కాంట్రాక్టులు 10 లక్షలు ఉన్నాయనుకోండి. రేటు 20 ఉన్నప్పుడు అవి 5 లక్షల కాయిన్లతో సమానం. 18 అయ్యేసరికి 5.55 లక్షల కాయిన్లు. కొత్తవాడు ఒక్కడూ రాకుండానే కాయిన్లలో 11 శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. ఈ రకం కాంట్రాక్టులకు కాంట్రాక్టుల సంఖ్యనే చూడాలి. రెండు రకాలనూ కలిపేసి చూపించే చార్టుతో ఈ పని చేయొద్దు.

బైనాన్స్ ఫ్యూచర్స్ లెక్క నేరుగా కావాలంటే బ్రౌజర్‌లోనే ఇది తెరవొచ్చు. SOL అన్నచోట మీ కాయిన్ సింబల్ వేసుకోండి:

```
https://fapi.binance.com/futures/data/openInterestHist?symbol=SOLUSDT&period=1h&limit=24
```

ఇందులో `sumOpenInterest` అన్నది కాయిన్లలో, `sumOpenInterestValue` అన్నది డాలర్లలో. మనకు కావలసింది మొదటిది. వెనక్కి ఒక నెల వరకే ఇస్తారు కాబట్టి పాత రోజులు కావాలంటే ముందునుంచే దాచుకోవాలి.

రెండో అడుగు: పెరిగింది ఎప్పుడో గంటల వారీగా చూడండి

రోజుకొక అంకె చాలదు. ఉదయం రేటు పడి, ఆగి, సాయంత్రం రేటు నిలకడగా ఉన్నప్పుడు ఓఐ పెరిగితే అది వేరే కథ. పడుతున్న ప్రతి గంటలోనూ ఓఐ పెరిగితే వేరే కథ. మన కేసులో గంటలు ఇలా నడిచాయి, బెంగళూరు టైములో: ఉదయం 10కి రేటు 20, ఓఐ 50 లక్షలు. మధ్యాహ్నం 1:30కి 19.10, 53 లక్షలు. సాయంత్రం 5:30కి 18.60, 56 లక్షలు. రాత్రి 9:30కి 18, 58 లక్షలు.

మధ్యలో ఎక్కడా ఓఐ వెనక్కి తగ్గలేదు. దీని అర్థం, పాత లాంగులు భయపడి మూసేసుకోవడం కంటే కొత్త పొజిషన్లు తెరవడం ప్రతి గంటలోనూ ఎక్కువగా జరిగింది. ఇది నికరం లెక్క అన్నది మరిచిపోవద్దు. లోపల కొందరు బయటికి పోయే ఉంటారు. ఉదాహరణకు 19 దగ్గర 20 రెట్ల లివరేజీతో కొన్నవాడు 18కి వచ్చేలోపే లిక్విడేట్ అయిపోతాడు, అంటే మార్జిన్ చాలక వాడి పొజిషన్‌ని ఎక్స్ఛేంజే మూసేస్తుంది. అలాంటివాళ్లు పోయాక కూడా 8 లక్షలు పెరిగిందంటే లోపలికి వచ్చినవాళ్లు ఇంకా ఎక్కువ.

వీటిలో 1:30, 9:30 ఎంచుకోవడానికి కారణం ఉంది. ఫండింగ్ అంటే లాంగులూ షార్టులూ ఒకరికొకరు కట్టుకునే డబ్బు, దాని సంగతి మూడో అడుగులో చెబుతాను. 8 గంటల ఫండింగ్ ఉన్న కాంట్రాక్టుల్లో బైనాన్స్‌లో లెక్క తేలే వేళలు మనకు ఉదయం 5:30, మధ్యాహ్నం 1:30, రాత్రి 9:30. కొన్ని కాయిన్లకు 4 గంటలకోసారి, ఒక్కోసారి గంటకోసారి కూడా ఉంటుంది. మీ కాయిన్‌కి ఎంతో ముందు చూసుకోండి. లేకపోతే రెండు కాయిన్ల ఫండింగ్‌ని పోల్చినప్పుడు లెక్క తప్పుతుంది.

మూడో అడుగు: ఫండింగ్ చూడండి, కానీ 0.01 దగ్గర మోసపోకండి

కాయిన్ ఫ్యూచర్స్‌లో ఎక్కువ వ్యాపారం పర్పెచువల్స్‌లో జరుగుతుంది. 2016లో బిట్‌మెక్స్ మొదలుపెట్టిన రకం ఇది. ఎక్స్‌పైరీ ఉండదు. నిఫ్టీలో లాగా నెలాఖరు గురువారమో మంగళవారమో వచ్చి రేటును స్పాట్‌కి కట్టేయదు. ఆ పని ఫండింగ్ చేస్తుంది. పర్పెచువల్ రేటు స్పాట్ ఇండెక్స్ కంటే పైన నడిస్తే లాంగులు షార్టులకు డబ్బు కడతారు. కింద నడిస్తే షార్టులు లాంగులకు కడతారు. ఇదే మనకు దొరికే అసలు ఆధారం. తొందరపడేవాడే ఎదుటివాడి రేటుకు ఒప్పుకుంటాడు, వాడే ఫండింగ్ కడతాడు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బైనాన్స్ సూత్రంలో 8 గంటలకు 0.01 శాతం అన్నది వడ్డీ భాగం కింద ముందే వేసి ఉంటుంది. సూత్రం ఇది:

```
F = P + clamp(0.01% - P, -0.05%, +0.05%)
```

ఇక్కడ `P` అంటే ఆ 8 గంటల సగటు ప్రీమియం, అంటే పర్పెచువల్ రేటు ఇండెక్స్ కంటే ఎంత శాతం పైన ఉందో అది. ఈ సూత్రంలో అంకెలు వేసి చూడండి. ప్రీమియం మైనస్ 0.04 నుంచి ప్లస్ 0.06 మధ్య ఎక్కడున్నా ఫండింగ్ సరిగ్గా 0.01 గానే వస్తుంది. అంటే 0.01 చూసి "ఫండింగ్ ప్లస్‌లో ఉంది, లాంగులు ఆశపడుతున్నారు" అనడం తప్పు. ఆ సమయానికి పర్పెచువల్ స్పాట్ కంటే కొంచెం కిందే నడుస్తూ ఉండొచ్చు. 0.01 అంటే ఎటూ చెప్పని అంకె. అది దాటి పైకి గానీ, సున్నా దాటి కిందికి గానీ పోయినప్పుడే మాట్లాడాలి.

కాబట్టి ఫండింగ్‌తో పాటు ప్రీమియం కూడా నేరుగా చూడండి:

```
https://fapi.binance.com/fapi/v1/premiumIndex?symbol=SOLUSDT
```

ఇందులో `indexPrice` స్పాట్ ఇండెక్స్, `lastFundingRate` తాజా ఫండింగ్. అది శాతంలో కాక దశాంశ భిన్నంలో వస్తుంది: 0.00010000 అంటే 0.01 శాతం. `markPrice` సర్దుబాటు చేసిన రేటు కనుక, ప్రీమియం కోసం చార్టులో నడుస్తున్న రేటునే ఇండెక్స్‌తో పోల్చడం మేలు.

ఇప్పుడు మన కేసుని రెండు దారుల్లో నడిపిద్దాం. రేటూ ఓఐ రెండింట్లోనూ ఒక్కటే. ఫండింగ్ మాత్రం వేరు.

మొదటి దారిలో రాత్రి 9:30కి ఫండింగ్ ప్లస్ 0.025 శాతం. సూత్రాన్ని వెనక్కి నడిపితే సగటు ప్రీమియం 0.075 శాతం. అంటే రేటు పది శాతం పడిన రోజున కూడా పర్పెచువల్ స్పాట్ కంటే పైన నడిచింది. పది లక్షల రూపాయల పొజిషన్ ఉన్న లాంగ్ ఆ ఒక్క సెటిల్‌మెంట్‌కి 250 రూపాయలు కట్టి మరీ కూర్చున్నాడు. తొందర లాంగులది. మరి రేటు ఎందుకు పడింది? స్పాట్‌లో ఎవరో అమ్ముతున్నారు. ఫ్యూచర్స్‌లో జనం "ఇంత తగ్గిందంటే ఇదే అడుగు" అని పట్టుకుంటున్నారు. మధ్యలో ఆర్బిట్రేజ్‌వాళ్లు స్పాట్ కొని పర్పెచువల్‌లో షార్ట్ వేస్తున్నారు. కొత్త షార్టుల్లో చాలావరకు వీళ్లవే అయ్యుండొచ్చు. వాళ్లకు రేటు పడాలనీ లేదు, పెరగాలనీ లేదు. దీన్ని "షార్ట్ బిల్డప్" అంటే నిలువునా తప్పు. పడుతున్న రేటుకు ఎదురెళ్లి లాంగులు పేరుకుపోవడం ఇది.

రెండో దారిలో ఫండింగ్ మైనస్ 0.03 శాతం. ప్రీమియం మైనస్ 0.08. పర్పెచువల్ స్పాట్‌ని కిందికి లాగుతోంది. షార్ట్ వేసినవాడే పది లక్షలకు 300 రూపాయలు కడుతున్నాడు. ఇప్పుడు తమ్ముడి పట్టిక సరిపోతుంది: తొందర షార్టులదే.

నా మటుకు, చిన్న కాయిన్లలో మొదటి దారే ఎక్కువగా చూస్తుంటాను. పడ్డదాన్ని పట్టుకోవాలన్న కోరిక మన జనానికి జాస్తి.

నాలుగో అడుగు: స్పాట్‌తో సరిచూడండి

ఫండింగ్ సగటు లెక్క కాబట్టి ఆలస్యంగా మాట్లాడుతుంది. దానికి సాక్ష్యంగా టేకర్ వాల్యూమ్ చూడండి. ఆర్డర్ బుక్‌లో నిలబడకుండా ఎదుటివాడి రేటుకే కొన్న, అమ్మిన వాల్యూమ్ అది. ఫ్యూచర్స్‌లోనూ స్పాట్‌లోనూ విడివిడిగా చూడాలి. మొదటి దారి నిజమైతే స్పాట్‌లో టేకర్ అమ్మకాలు బరువుగా ఉండి, ఫ్యూచర్స్‌లో కొనుగోళ్లు దాదాపు సమానంగానో ఎక్కువగానో కనిపిస్తాయి. రెండో దారి నిజమైతే ఫ్యూచర్స్ అమ్మకాలే ముందుండి స్పాట్ వెనక నడుస్తుంది. రెండు సాక్ష్యాలూ ఒకదానికొకటి ఎదురు చెబితే ఆ రోజుకి ఏ తీర్పూ ఇవ్వకండి.

లాంగ్-షార్ట్ రేషియో అని ఇంకోటి చూపిస్తారు. అందులో మామూలుగా కనిపించేది ఖాతాల లెక్క, డబ్బు లెక్క కాదు. వందమంది చిన్నవాళ్లు లాంగ్, ఒక పెద్దవాడు షార్ట్ అంటే అది నూటికి ఒకటిగా కనిపిస్తుంది. దాన్ని పక్కన పెట్టేయండి.

ఐదో అడుగు: ఎక్కడ పగులుతుందో ముందే లెక్క వేయండి

తొందర ఎవరిదో తెలిశాక, వాళ్లు ఎక్కడ ఇరుక్కుంటారో చూడాలి. మొదటి దారిలో కొత్త లాంగులు 20 నుంచి 18 మధ్యలో ఎక్కారు. సగటున 19 అనుకుందాం. 10 రెట్ల లివరేజీ, మెయింటెనెన్స్ మార్జిన్ 1 శాతం అనుకుంటే లిక్విడేషన్ 17.25, 17.30 ప్రాంతంలో వస్తుంది. ఇప్పుడున్న 18కి అది నాలుగు శాతం దూరంలోనే. ఆ మెట్టు దగ్గరకు రేటు వస్తే బలవంతపు అమ్మకాలు మొదలై, అవి రేటును ఇంకా తోసి, కింద ఉన్నవాళ్లను కూడా లాగొచ్చు. నిజంగా అలా జరిగితే గుర్తు స్పష్టంగా ఉంటుంది: రేటు నిట్టనిలువునా పడుతుంది, అదే నిమిషాల్లో కాయిన్ల ఓఐ కూడా జారిపోతుంది. 2025 అక్టోబరు 10న, చైనా సరుకులపై 100 శాతం సుంకం అన్న ప్రకటన తర్వాత, క్రిప్టో మార్కెట్ అంతటా 1,900 కోట్ల డాలర్లకు పైగా లిక్విడేట్ అయిన ఘట్టం ఆ రకమే. అది రేటు పడి ఓఐ కూడా పడడం. మన బొమ్మ దానికి ముందు దశ మాత్రమే అయ్యుండొచ్చు, కాకనూ పోవచ్చు.

రెండో దారిలో జనం వెంటనే "షార్ట్ స్క్వీజ్ వస్తోంది" అంటారు. తొందరపడొద్దు. 18.50 దగ్గర 10 రెట్లతో షార్ట్ వేసినవాడి లిక్విడేషన్ దాదాపు 20.15 దగ్గర ఉంటుంది. ఇప్పటి రేటు నుంచి అది పన్నెండు శాతం పైన. స్క్వీజ్ మొదలవ్వాలంటే ముందు స్టాప్‌లాస్‌లు తగలాలి, లేదా ఫండింగ్ భారం వాళ్లను విసిగించాలి. రేటు పడుతున్నంతసేపు రోజుకి 0.09 శాతం కట్టడం లాభంలో ఉన్న షార్ట్‌కి పెద్ద బాధ కాదు. రేటు పడడం ఆగి, ఫండింగ్ మైనస్‌లోనే ఉండి, ఓఐ కూడా తగ్గకుండా ఉంటే అప్పుడు చూడాలి. ఆ తర్వాత రేటు పైకి కదులుతూ ఓఐ పడిపోతే అదే షార్ట్ కవరింగ్.

కాబట్టి తమ్ముడికి నా జవాబు: మొదటి దారిలో షార్ట్ వెయ్యడానికి కారణం "షార్టులు పెరిగాయి" కాదు, "లాంగులు ఇరుక్కుంటున్నారు". రేటు 18 పైన నిలబడి ఫండింగ్ మళ్లీ 0.01కి దిగితే ఆ కారణం పోయినట్టే, షార్ట్ కూడా పోవాలి. రెండో దారిలో ఆలస్యంగా చేరినవాడు అందరితో పాటు ఒకే పక్క నిలబడుతున్నాడు, పైగా కిరాయి కూడా కడుతున్నాడు.

ఈ పద్ధతి ఎక్కడ పనిచేయదు

ఫండింగ్ మైనస్ అయినా, ఓఐ ఎంత పెరిగినా, షార్టులు రేటు పడుతుందని నమ్మినవాళ్లే అయ్యుండాలని లేదు. దీనికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ 2022 సెప్టెంబరు 15న ఇథీరియం మైనింగ్‌ను వదిలి వేరే పద్ధతికి మారిన మెర్జ్. మైనింగ్ వదలని వర్గం వేరే చెయిన్ పెడుతుందని, ఇథర్ చేతిలో ఉన్నవాళ్లకు ఆ కొత్త కాయిన్ ఉచితంగా వస్తుందని అందరికీ తెలుసు. కాబట్టి చాలామంది స్పాట్ ఇథర్ చేతిలో పెట్టుకుని, రేటు రిస్కు పోవడానికి ఫ్యూచర్స్‌లో షార్ట్ వేశారు. ఫండింగ్ బాగా మైనస్‌లోకి పోయింది. బొమ్మ చూసినవాళ్లు స్క్వీజ్ ఖాయం అనుకున్నారు. మెర్జ్ అయిపోగానే ఆ షార్టులు మూసేశారు, కానీ చేతిలో ఉన్న స్పాట్‌ని కూడా అమ్మేశారు. ఫండింగ్ మామూలుకి వచ్చింది, ఇథర్ రేటు మాత్రం ఆ వారంలో పడింది. కారణం వేరైతే సూత్రం తిరగబడుతుంది.

ఆ తర్వాతి ఏళ్లలో ఇలాంటి హెడ్జింగ్ ఇంకా పెరిగింది. 2024లో వచ్చిన ఎథెనా వాళ్ల యూఎస్‌డీఈ డాలర్ కాయిన్ పనిచేసేదే ఈ పద్ధతి మీద: బిట్‌కాయిన్, ఇథర్ లాంటివి దగ్గర పెట్టుకుని పర్పెచువల్స్‌లో అంతే విలువకు షార్ట్ వేయడం. ఆ షార్టులు రేటు పడుతుందన్న పందెం కావు. చిన్న కాయిన్ల విషయంలో అన్‌లాక్ తేదీలు, అంటే ఆపి ఉంచిన టోకెన్లు విడుదలయ్యే రోజులు, చూసుకోండి. ఇంకా చేతికి రాని టోకెన్ల మీద ముందే షార్ట్ వేసి రేటు భద్రం చేసుకునేవాళ్లు ఉంటారు. అన్‌లాక్‌కి ముందు రోజుల్లో పడుతున్న రేటుతో పాటు పెరిగే ఓఐలో వాళ్ల వాటా ఎంతో ఎవరూ విడదీయలేరు.

ఇంకో సందర్భం: ఒకే ఎక్స్ఛేంజ్ లెక్క. ఒక ఎక్స్ఛేంజ్‌లో ఓఐ పెరిగి ఇంకోదాంట్లో అంతే తగ్గితే, డబ్బు చోటు మారింది అంతే. కనీసం రెండు మూడు పెద్ద ఎక్స్ఛేంజ్‌ల కాయిన్ల లెక్కను కూడి చూడండి. స్పాట్ వ్యాపారం బొటాబొటిగా ఉండి ఫ్యూచర్స్ మాత్రం కోట్లలో తిరిగే కాయిన్లలో ఇండెక్స్‌నే ఎవరైనా కదిలించగలరు. అక్కడ ప్రీమియం అన్న అంకెకే విలువ ఉండదు, కాబట్టి పైన చెప్పిన మూడు, నాలుగు అడుగులు అలాంటి కాయిన్‌కి వాడొద్దు.